‘చివరి నిర్ణయం మనిషిదే’ అంటే ఏమిటో టెండరులోనే రాయండి: అటానమస్ ఆయుధాలపై రక్షణ, విదేశాంగ శాఖలకు బహిరంగ లేఖ

రక్షణ మంత్రిత్వ శాఖలో ఆయుధ సేకరణ చూసే అధికారులకు, మూడు దళాల కేంద్ర కార్యాలయాల్లో అవసరాల పత్రాలు రాసేవారికి, విదేశాంగ శాఖ నిరాయుధీకరణ విభాగానికి,

నమస్కారం.

తామే లక్ష్యాన్ని వెతికి ఎంచుకుని దాడి చేసే అటానమస్ ఆయుధాల గురించి 2019లో జెనీవాలో మన దేశం ఒక మాటకు ఒప్పుకుంది. ఆయుధం వాడాలన్న నిర్ణయానికి బాధ్యత మనిషిదే, జవాబుదారీతనాన్ని యంత్రానికి బదలాయించడం కుదరదు అన్నది ఆ మాట. కొన్ని సంప్రదాయ ఆయుధాలపై ఉన్న ఐక్యరాజ్యసమితి ఒప్పందం కింద నిపుణుల బృందం తయారుచేసిన పదకొండు సూత్రాల్లో అది రెండోది. ఆ బృందానికి 2017లోనూ 2018లోనూ అధ్యక్షత వహించింది మన రాయబారే. కాబట్టి ఇది ఎవరో మన నెత్తిన పెట్టిన షరతు కాదు.

ఆ మాట మన కొనుగోలు పత్రాల్లోకి వచ్చేసరికి ‘మ్యాన్ ఇన్ ద లూప్’, అంటే నిర్ణయంలో మనిషి ఉండాలి అన్న ఒక్క ముక్కగా మిగిలిపోతోంది. కంపెనీ వాళ్లు తెరమీద ఒక బటన్ చూపిస్తారు, అది నొక్కితేనే డ్రోన్ దాడి చేస్తుందంటారు, షరతు తీరిపోయినట్టు టిక్కు పడుతుంది. నొక్కేవాడికి ఏం కనిపిస్తోంది, ఎన్ని సెకన్లు దొరుకుతున్నాయి, వద్దనే అవకాశం నిజంగా ఉందా, రేపు తప్పు జరిగితే ఏ రికార్డు చూసి ఎవరిని అడగాలి అన్నవి కొలుస్తున్నట్టు ఎక్కడా కనిపించదు. ఈ నాలుగింటినీ కొలవగల షరతులుగా మార్చి అవసరాల పత్రంలో, ఫీల్డ్ ట్రయల్స్‌లో పెట్టమని అడగడానికే ఈ లేఖ. మేం యుద్ధానికి హద్దులు పెట్టే అంతర్జాతీయ మానవతా చట్టం, ఆయుధాల పరీక్ష రంగాల్లో పనిచేసినవాళ్లం. ఐక్యరాజ్యసమితిలో ఎటు ఓటు వేయాలన్నది ఇక్కడ మా ప్రధాన విషయం కాదు. ఈ ఆయుధాలపై కొత్త ఒప్పందం వచ్చినా రాకపోయినా మన ఇంట్లో మనం చేసుకోవాల్సిన పని గురించి చెబుతున్నాం.

బటన్ ఉన్నా విచక్షణ లేకపోతే ఏమవుతుందో చూపించే కేసు ఇరవై ఏళ్ల కిందటిది. 2003 మార్చి 23న ఇరాక్ మీద దాడి ముగించుకుని కువైట్ వైపు తిరిగి వస్తున్న బ్రిటిష్ వాయుసేన టోర్నడో విమానాన్ని అమెరికా పేట్రియాట్ క్షిపణి కూల్చేసింది. ఇద్దరు సిబ్బందీ చనిపోయారు. పేట్రియాట్ బ్యాటరీలో, అంటే ఆ క్షిపణులను ప్రయోగించే దళంలో, మనుషులు ఉన్నారు. ప్రయోగానికి ఒప్పుకున్నదీ వాళ్లే. అయినా జరిగిందేమిటో బ్రిటిష్ విచారణ బోర్డు నివేదిక విడమరిచి చెప్పింది. రాడార్ పట్టుకున్న విమానపు వేగాన్నీ దారినీ చూసి కంప్యూటర్ దాన్ని రాడార్లను వేటాడే క్షిపణిగా వర్గీకరించింది. ఆ వర్గీకరణకు పెట్టిన కొలమానాలు ప్రపంచంలో ఉన్న అలాంటి క్షిపణులన్నిటికీ సరిపోయేంత వెడల్పుగా ఉన్నాయి. ఇరాక్ దగ్గర నిజంగా ఏమున్నాయో చూసి వాటిని బిగించలేదు. ‘మనవాడివా, పరాయివాడివా’ అని రేడియోలో అడిగి జవాబు తీసుకునే ఐ.ఎఫ్.ఎఫ్. పరికరం టోర్నడోలో పనిచేయలేదు. పేట్రియాట్‌లో దానికి కావలసిన ఒక రకం కోడ్లను అసలు ఎక్కించనే లేదు. బ్యాటరీకి రావాల్సిన కమ్యూనికేషన్ సామాను ఇంకా దారిలోనే ఉండటంతో చుట్టూ ఆకాశంలో ఏమేం ఎగురుతున్నాయో పూర్తి చిత్రం సిబ్బందికి అందలేదు.

వాళ్లకు దొరికిన సమయం సుమారు ఒక నిమిషం. తెరమీద తమ మీదికే దూసుకొస్తున్న క్షిపణి గుర్తు, ఐ.ఎఫ్.ఎఫ్. నుంచి జవాబు లేదు, కొలమానాలన్నీ సరిపోయాయి. ఆత్మరక్షణకు కాల్చారు. ఇంకాస్త ఆగి ఉంటే విమానం దారి మారేది, కంప్యూటరే దాన్ని మరో వర్గంలోకి మార్చి ఉండేదని బోర్డు అభిప్రాయపడింది. ఆ సిబ్బందికి ఇచ్చిన శిక్షణ ముప్పును గుర్తుపట్టడం మీదే సాగింది, తప్పుడు హెచ్చరికను గుర్తుపట్టడం మీద కాదని కూడా రాసింది. పది రోజుల తర్వాత, ఏప్రిల్ 2న, అమెరికా నౌకాదళానికే చెందిన ఎఫ్-18ను పేట్రియాట్ కూల్చింది. ఆ పైలట్ కూడా చనిపోయాడు. ఈసారి విమానం బాలిస్టిక్ క్షిపణిలా కనిపించింది.

అమెరికా రక్షణ శాఖ సలహా మండలి 2005లో చెప్పిన కారణం మనకు చాలా ముఖ్యం. పేట్రియాట్‌ను దాదాపు ఆటోమేటిక్‌గా నడిపే పద్ధతి ఉండేది, సాఫ్ట్‌వేర్‌ను నమ్మేలా సిబ్బందికి శిక్షణ ఉండేది. క్షిపణులు గుంపులుగా వచ్చి పడే యుద్ధానికి ఆ పద్ధతి సరిపోతుంది. కానీ ఆ యుద్ధంలో మిత్రపక్ష విమానాలు 41,000 సార్లు ఎగిరాయి, శత్రు క్షిపణులు కొద్దే. మండలి లెక్కలో నిష్పత్తి నాలుగు వేలకు ఒకటి. వర్గీకరణ వెయ్యింటికి ఒక్కసారి తప్పినా సరే, ఒక్కో నిజమైన క్షిపణికి నాలుగు మిత్ర విమానాలు క్షిపణిగా కనిపిస్తాయన్నమాట. యంత్రం పాడవక్కర్లేదు. తను వెతికేది అరుదుగా ఉండి, దాన్ని పోలినవి కుప్పలుగా ఉన్నచోట, ఎంత మంచి యంత్రమైనా ఎక్కువసార్లు తప్పే చెబుతుంది.

ఇదే లెక్కను నేలమీదికి తెచ్చి చూద్దాం. ఇప్పుడు దళాలు కొంటున్న ఆత్మాహుతి డ్రోన్లకు ఆటోమేటిక్ లక్ష్య గుర్తింపు తగిలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఈ అంకెలు మేం అనుకున్నవి. ఒక పట్టణ శివారు మీద డ్రోన్ గంటసేపు తిరుగుతుంది. ఆ గంటలో దాని కెమెరా కింద 2,000 వాహనాలు వెళతాయి. అందులో సైనిక వాహనాలు 10. గుర్తింపు సాఫ్ట్‌వేర్ పదింట తొమ్మిది సైనిక వాహనాలను పట్టుకుంటుంది. పౌర వాహనాల్లో వందకు ఒక్కదాన్నే పొరపాటుగా సైనికమంటుంది. టెండరులో దీన్ని 99 శాతం కచ్చితత్వమని రాస్తారు, అబద్ధం కూడా కాదు. కానీ ఫలితం చూడండి. సైనిక వాహనాలు 9, పౌర వాహనాలు సుమారు 20, మొత్తం 29 హెచ్చరికలు. ప్రతి మూడు హెచ్చరికల్లో రెండు ఏ కూరగాయల లారీయో, నీళ్ల ట్యాంకరో.

అదే సాఫ్ట్‌వేర్‌ను ఏమాత్రం మార్చకుండా, జనావాసాలకు దూరంగా, సైనిక కాన్వాయ్ ఉందని ముందే వేరే మార్గంలో తెలిసిన రోడ్డు ముక్క మీద పది నిమిషాలకే పరిమితం చేయండి. అక్కడ 100 వాహనాలు, అందులో 10 సైనికం అనుకుంటే 9 నిజం, ఒకటి తప్పు. తేడా తెచ్చింది అల్గారిథం కాదు. ఎక్కడ, ఎంతసేపు, దేనిమీద అన్న హద్దు తెచ్చింది. అంతర్జాతీయ రెడ్ క్రాస్ కమిటీ 2021 మేలో ప్రకటించిన వైఖరిలో లక్ష్యాల రకం, సమయం, ప్రదేశం, వాడే పరిస్థితి మీద పరిమితులు అడిగింది సరిగ్గా ఇందుకే. చాలామంది దాన్ని నైతిక విన్నపంగా చదువుతారు. మేం దాన్ని ఇంజనీరింగ్ షరతుగా చదవమంటున్నాం.

ఇప్పుడు బటన్ దగ్గర కూర్చున్న జవాను వైపు చూడండి. ఒక్కరికే ఆరు డ్రోన్లు అప్పగిస్తే, మొదటి లెక్క ప్రకారం గంటకు 174 హెచ్చరికలు, అంటే ఇరవై సెకన్లకొకటి. తెరమీద ఒక చిన్న చతురస్రం, దాని పక్కన ‘ట్రక్కు, సైనిక, 0.87’. ఆ 0.87 చూసినవాళ్లెవరైనా నూటికి 87 వంతులు సైనిక వాహనమే అనుకుంటారు. అది అలాంటి సంభావ్యత కాదు. శిక్షణలో చూపిన బొమ్మలతో ఈ బొమ్మ ఎంత పోలుతోందో సాఫ్ట్‌వేర్ తనకు తాను వేసుకున్న మార్కు. శిక్షణ బొమ్మలు ఎడారిలో పట్టపగలు తీసినవైతే మంచు కొండల్లో ఆ మార్కుకు విలువ లేదు. థర్మల్ కెమెరాకైతే సూర్యోదయం, సూర్యాస్తమయం దగ్గర ఇనుమూ రాయీ ఒకే వేడికి వచ్చే కొద్దిసేపు ఉంటుంది, అప్పుడు అంచులు చెరిగిపోతాయి. పైగా సైన్యం వాడే లారీ, సరుకు మోసే లారీ చాలాసార్లు ఒకే ఛాసిస్ మీద కట్టినవే. కాబట్టి ఆపరేటర్ చూడాల్సింది ఆ అంకె కాదు. ఆ లారీ ఎక్కడి నుంచి బయల్దేరింది, ఎక్కడ ఆగింది, చుట్టూ ఎవరున్నారు అన్నది చూడాలి. ఇరవై సెకన్లలో అది సాధ్యం కాదు. మొదటి నాలుగైదు హెచ్చరికలు నిజమే అయితే ఆ తర్వాత వేలు దానంతటదే నొక్కుతూ పోతుంది.

మానవతా చట్టం అడిగేది ఇక్కడే ఉంది. పౌరులను సైనిక లక్ష్యాల నుంచి వేరుచేయాలి. లక్ష్యం నిజంగా సైనికమో కాదో తెలుసుకోవడానికి సాధ్యమైనదంతా చేయాలి. పౌర నష్టం, ఆశించే సైనిక ప్రయోజనం కన్నా మితిమీరితే దాడి ఆపాలి. జెనీవా ఒప్పందాలకు 1977లో వచ్చిన అదనపు ప్రోటోకాల్‌లో మన దేశం చేరలేదు, నిజమే. కానీ ఈ మూడూ దేశాలన్నిటినీ కట్టిపడేసే ఆచార చట్టంగా మనకూ వర్తిస్తాయి. మూడోది ఏ యంత్రానికీ అప్పగించలేనిది. ఉదయం ఆరింటికి ఒక వంతెన మీద సైనిక లారీని ఆపితే కలిగే ప్రయోజనం, మధ్యాహ్నానికి ఆ దళం లొంగిపోయాక ఉండదు. ఆ మార్పు కెమెరాకు కనిపించదు. మనుషుల విషయంలో ఇంకా కష్టం. గాయపడి కిందపడినవాడు, ఆయుధం వదిలేయబోతున్నవాడు, పొలంలో పార పట్టుకున్నవాడు, వీళ్లందరి ఆకారం పై నుంచి ఒకేలా ఉంటుంది. అందుకే యంత్రం తానే ఎంచుకునే లక్ష్యాల జాబితాలో మనిషి ఆకారం ఉండనే కూడదని స్పష్టంగా రాయమని కోరుతున్నాం. సైనిక రాడార్, యుద్ధవిమానం, క్షిపణి, యుద్ధనౌక, ట్యాంకు లాంటివి స్వభావరీత్యా సైనిక వస్తువులు. స్వయం ఎంపిక అంటూ ఉంటే వాటికే ఆగాలి.

ఇక జవాబుదారీతనం. 2022 మార్చి 9న మన భూభాగం నుంచి ఒక బ్రహ్మోస్ క్షిపణి పొరపాటున వెళ్లి పాకిస్తాన్‌లోని మియాఁ చన్నూ దగ్గర పడింది. ఎవరూ చనిపోలేదు. రెండు రోజులకు ప్రభుత్వం చేసిన ప్రకటనలో కారణం ‘సాంకేతిక లోపం’. తర్వాత కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ జరిగింది. నిర్ణీత విధానాన్ని ముగ్గురు అధికారులు పాటించకపోవడమే ప్రధాన కారణమని తేల్చింది. ఆగస్టు 23న ఆ ముగ్గురినీ సర్వీసు నుంచి తొలగించారు. వారిలో ఒకరు హైకోర్టుకు వెళ్లారు. తనకు మెయింటెనెన్స్ పనికే శిక్షణ ఇచ్చారు, ఆపరేషన్లకు కాదన్నది ఆయన వాదన. ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది వేరే విషయం. మొదట ‘సాంకేతిక లోపం’ అన్నదాన్ని తవ్వుకుంటూ మనుషుల దాకా రాగలిగారు. రాగలిగింది ఎందుకంటే ముందే రాసిపెట్టిన విధానం ఉంది, ఎవరు ఏ మెట్టు దాటారో చూపించే ఆధారం ఉంది. వాదించుకోవడానికి శిక్షణ రికార్డు కూడా ఉంది.

2019 ఫిబ్రవరి 27న బుద్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ను కూల్చినప్పుడూ ఇలాగే జరిగింది. ఆరుగురు వాయుసైనికులు, నేలమీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పని అప్పటి వాయుసేనాధిపతి బహిరంగంగా ఒప్పుకున్నారు, అధికారుల మీద చర్యలు మొదలయ్యాయి. పత్రికల్లో వచ్చిన విచారణ వివరాల్లో ఐ.ఎఫ్.ఎఫ్. మాట మళ్లీ కనిపిస్తుంది.

అదే తప్పు, తానే లక్ష్యాన్ని ఎంచుకున్న డ్రోన్ చేసిందనుకోండి. జెనీవా ఒప్పందాల అమలుకు మనకున్న 1960 నాటి చట్టం శిక్షించేది ఉద్దేశపూర్వకంగా చంపడం లాంటి తీవ్ర ఉల్లంఘనలను. అది కూడా ప్రభుత్వం ఫిర్యాదు చేస్తేనే కోర్టు విచారణకు తీసుకుంటుంది. సైనిక మార్కు 0.6 దాటితే చాలని రెండేళ్ల కింద సెట్ చేసిన ఇంజనీరుకు ఎవరినీ చంపే ఉద్దేశం లేదు. ప్రయోగించిన జవాను ఆ లారీని చూడనే లేదు. కింది సిబ్బంది నేరం చేయబోతున్నారని తెలిసీ ఆపని అధికారిని శిక్షించే సూత్రం ఉంది, కానీ డ్రోన్ కింది సిబ్బంది కాదు. దేశం తరఫున బాధ్యత మిగులుతుంది, పరిహారం ఇవ్వొచ్చు. వ్యక్తులెవరూ దొరకరు. అందుకని ఈ ఖాళీని పూడ్చే దారి ఒకటే కనిపిస్తోంది. విధులను ముందే, పేరుపేరునా రాయాలి. రాసిన విధి తప్పితే సైనిక చట్టం కింద అడగొచ్చు. రాయని విధిని ఎవరూ తప్పలేరు.

ఇక కచ్చితంగా ఏం చేయాలో చెబుతాం.

అవసరాల పత్రం దశలోనే, అంటే ఇంకా ఏ కంపెనీ రంగంలోకి రాకముందే, హద్దులు రాయాలి. స్వయం ఎంపిక పనిచేసే ప్రాంతపు గరిష్ఠ వైశాల్యం, గరిష్ఠ నిమిషాలు, అనుమతించిన లక్ష్యాల రకాలు. ఇవి ఆపరేటర్ పుస్తకంలో సలహాలుగా ఉంటే చాలదు. ప్రయోగానికి ముందు నమోదు చేయకపోతే ఆయుధం ఎగరకూడదు, హద్దు దాటితే దాడి చేయలేకపోవాలి.

సిగ్నల్ తెగితే ఏం చేస్తుందన్న ప్రశ్నకు పత్రంలో ఒకే జవాబు ఉండాలి. ఈ ఆయుధాల్లో స్వయంప్రతిపత్తి పెరగడానికి ఒక పెద్ద కారణం జామింగ్, అంటే శత్రువు ఆ సిగ్నల్‌ను అడ్డుకోవడం. సిగ్నల్ పోయినా పని పూర్తిచేయాలని కొనేవాళ్లు అడుగుతారు. లిబియాలో వాడిన కొన్ని డ్రోన్లను, ఆపరేటర్‌తో డేటా సంబంధం అక్కర్లేకుండానే దాడి చేసేలా ప్రోగ్రామ్ చేశారని ఐక్యరాజ్యసమితి నిపుణుల కమిటీ 2021 నివేదికలో రాసింది. మా సూచన ఇది. మనిషి చూసి ఆమోదించిన లక్ష్యం మీదికి చివరి సెకన్లలో వెళుతుండగా సిగ్నల్ పోతే కొనసాగవచ్చు. ఇంకా వెతుకుతుండగా పోతే వెనక్కి రావాలి, లేదా ఖాళీ ప్రదేశంలో పేలకుండా దిగిపోవాలి. ఈ రెంటి మధ్య గీత పత్రంలో సెకన్లలో రాయాలి, ట్రయల్స్‌లో జామర్ పెట్టి చూడాలి.

ఆపరేటర్‌కు విచక్షణ ఉందో లేదో కొలవడం కష్టమేమీ కాదు. ఇప్పుడు ఫీల్డ్ ట్రయల్స్‌లో ఆయుధం లక్ష్యాన్ని కొట్టిందా లేదా చూస్తారు. దానికి ఇంకొకటి కలపండి. హెచ్చరికల మధ్య తెలిసి తెలిసి తప్పుడు హెచ్చరికలు వేయండి. అంబులెన్సు, బస్సు, తెల్లజెండా పట్టుకున్న వాహనం ఉండాలి. ఆపరేటర్ వాటిలో ఎన్నింటిని తిరస్కరించాడో లెక్కపెట్టండి. డ్యూటీ మొదటి గంటలో ఒకసారి, నాలుగో గంటలో ఒకసారి, డ్రోన్ల సంఖ్య పెంచి ఒకసారి చేయండి. తప్పుడు హెచ్చరికల్లో అతను ఎక్కువ భాగాన్ని ఆమోదించేస్తుంటే అక్కడ మనిషి లేనట్టే లెక్క. అప్పుడు జవానును తప్పుపట్టకూడదు. డ్రోన్ల సంఖ్య తగ్గించాలి, లేదా సమయం పెంచాలి, లేదా తెరమీద చూపేది మార్చాలి. ఒక్కరు ఎన్ని డ్రోన్లు చూడవచ్చన్నది కంపెనీ బ్రోచరు చెప్పకూడదు, ఈ పరీక్ష చెప్పాలి. తిరస్కరించడం వల్ల లక్ష్యం తప్పిపోయిన ఆపరేటర్‌కు వార్షిక నివేదికలో మచ్చ రాకూడదని కూడా రాయాలి. లేకపోతే వద్దనే బటన్ ఉన్నా ఎవరూ నొక్కరు.

రికార్డు విషయంలో ఒక ప్రత్యేక చిక్కు ఉంది. విమాన ప్రమాదంలో బ్లాక్ బాక్స్ మిగులుతుంది. ఆత్మాహుతి డ్రోన్ పేలాక ఏమీ మిగలదు. అందువల్ల రికార్డంతా దాడికి ముందే నేలమీది స్టేషన్‌కు చేరి ఉండాలి. ఆపరేటర్‌కు కనిపించిన బొమ్మ కనిపించినట్టుగానే, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పేరూ మార్కూ, రెండో స్థానంలో ఉన్న ఊహ, ఆ బొమ్మ తెరమీద ఎన్ని సెకన్లు ఉంది, ఎవరు ఏ సమయంలో ఏం నొక్కారు, ఆ రోజు ఎక్కించిన సాఫ్ట్‌వేర్ వెర్షన్, దాడి చేయకూడని స్థలాల జాబితా వెర్షన్ కావాలి. ఈ చివరి రెండూ సాధారణంగా మర్చిపోతారు. అవి లేకపోతే ఏ యంత్రం ఆ నిర్ణయం తీసుకుందో తిరిగి నడిపి చూడటం అసాధ్యం. గడియారాలన్నీ ఒకే సమయానికి కట్టుబడి ఉండాలి. ముడి రికార్డు సీలువేసి దళం దగ్గర ఉండాలి, చదవగలిగే రూపంలో ఉండాలి. తయారీదారు వచ్చి తన సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే తప్ప కనిపించని రికార్డు విచారణకు పనికిరాదు.

ప్రతి దాడికీ ముగ్గురి పేర్లు ఉండాలి. లక్ష్య రకాలనూ మార్కు హద్దునూ ఆమోదించిన అధికారి, ఈ ప్రాంతంలో ఈ సమయంలో ప్రయోగించమన్న కమాండర్, చివర నొక్కిన ఆపరేటర్. మొదటి పేరు అన్నిటికన్నా ముఖ్యమని మా అభిప్రాయం. ఇవాళ అది ఎక్కడా కనిపించని పేరు. హైదరాబాద్ క్షిపణి ప్రయోగశాలల్లో, మన డ్రోన్ కంపెనీల్లో ఈ రకం సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే ఇంజనీర్లకు ఇది రక్షణ కూడా. మార్కు 0.6 దగ్గర పెట్టాలా 0.9 దగ్గర పెట్టాలా అన్నది ఎంత పౌర నష్టం సహించాలన్న నిర్ణయం. జీతానికి పనిచేసే ప్రోగ్రామర్ మీద దాన్ని వదిలేయడం అన్యాయం. అతను పరీక్ష ఫలితాలు ఇవ్వాలి, సంతకం అధికారి చేయాలి.

చట్టపరమైన సమీక్ష సంగతి. కొత్త ఆయుధం చట్టానికి లోబడి ఉందో లేదో చూడాలన్న 36వ అధికరణం, మనం చేరని ప్రోటోకాల్‌లో ఉంది. అమెరికా కూడా దానిలో చేరలేదు, అయినా 1974 నుంచి తన ఆయుధాలను సమీక్షిస్తోంది. 2019లో మనం ఒప్పుకున్న పదకొండు సూత్రాల్లో ఈ సమీక్ష గురించి ఒకటి ఉంది. దళాల జడ్జ్ అడ్వొకేట్ జనరల్ విభాగం నుంచి ఒక న్యాయాధికారిని అవసరాల పత్రం దశలో కూర్చోబెట్టండి, ట్రయల్స్ ఫలితాలు వచ్చాక మళ్లీ అడగండి. అన్నిటికన్నా ఎక్కువగా, సాఫ్ట్‌వేర్ మారిన ప్రతిసారీ అడగండి. తుపాకీని ఒకసారి సమీక్షిస్తే పదేళ్లు అదే తుపాకీ. ఈ ఆయుధంలో లక్ష్యాల లైబ్రరీ కొత్తది ఎక్కిస్తే బయటి ఆకారం అదే, కొట్టేది వేరు. తప్పుడు హెచ్చరికల పరీక్ష మళ్లీ జరగకుండా ఏ అప్‌డేట్‌నూ యూనిట్లకు పంపకూడదు.

2024 అక్టోబరులో మీరు విడుదల చేసిన ‘నమ్మదగిన ఏఐ’ మూల్యాంకన మార్గదర్శకాలు మంచి పునాది. అందులో అయిదు సూత్రాలు ఉన్నాయి: విశ్వసనీయత-దృఢత్వం, భద్రత, పారదర్శకత, నిష్పక్షపాతం, గోప్యత. ఇవన్నీ యంత్రం గుణాలు. మనిషి విచక్షణ, జవాబుదారీతనం ఆ పేర్లలో విడిగా లేవు. ఆరోదిగా చేర్చి, పైన చెప్పిన పరీక్షలను దాని కింద పెట్టవచ్చు. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త కమిటీ కూడా అక్కర్లేదు.

మాకు వచ్చే అభ్యంతరం తెలుసు. ఓడ మీదికి ఒకేసారి ఇరవై డ్రోన్లు వస్తే మనిషి ఆలోచించేలోపు ఓడ మునుగుతుంది కదా అంటారు. నిజమే. ఓడ మీద ఉండే దగ్గరి రక్షణ తుపాకులు ఆటోమేటిక్‌గా కాల్చడాన్ని మేం వ్యతిరేకించడం లేదు. అక్కడ లక్ష్యం మనిషి కాదు, వస్తువు. ప్రాంతం చిన్నది, సమయం సెకన్లు, సముద్రం మీద పౌరులు అరుదు. ఎప్పుడు ఆన్ చేయాలో, ఎప్పుడు ఆపాలో కెప్టెన్ నిర్ణయిస్తాడు. అంటే మేమడిగిన హద్దులన్నీ అక్కడ ఉన్నాయి. శత్రువు ఇవేమీ పాటించడన్నది రెండో అభ్యంతరం. పాటించకపోతే అతని ఆయుధాల్లో మూడింట రెండు పాల వ్యాన్ల మీద ఖర్చవుతాయి, అతని హెలికాప్టర్లను అతనే కూలుస్తాడు. పేట్రియాట్ కూల్చింది సొంత పక్షం విమానాలనే అన్నది గుర్తుచేస్తున్నాం.

విదేశాంగ శాఖకు ఒక మాట. 2023 డిసెంబరులో అటానమస్ ఆయుధాలపై ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ తీర్మానానికి 152 దేశాలు అనుకూలంగా ఓటేస్తే, వ్యతిరేకించిన నాలుగింటిలో మనం ఒకరం. చర్చ జెనీవాలోనే జరగాలన్నది మన వాదన. ఆ వాదనకు బలం రావాలంటే జెనీవాలో మన దగ్గర బల్లమీద పెట్టడానికి ఏదో ఉండాలి. మొదట చెప్పిన సంప్రదాయ ఆయుధాల ఒప్పందపు ఏడో సమీక్షా సమావేశం 2026కు ఉంది. ఆపరేటర్ విచక్షణను కొలిచే పరీక్ష ఇది, రికార్డులో ఉండాల్సినవి ఇవి అని భారత్ ఒక పత్రం ఇస్తే, అది ఏ పక్షం వాళ్లకైనా పనికొస్తుంది.

మా అభ్యర్థన రెండు ప్రశ్నల్లో పెడుతున్నాం. స్వయంగా లక్ష్యాన్ని గుర్తించే సామర్థ్యం ఉన్న ఆయుధాల ట్రయల్స్‌లో తప్పుడు హెచ్చరికలను ఆపరేటర్ ఎంత శాతం తిరస్కరిస్తున్నాడో ఇప్పుడు కొలుస్తున్నారా? సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత చట్టపరమైన సమీక్ష మళ్లీ చేయడం ఎవరి విధి, ఆ అధికారి హోదా ఏమిటి? ఈ రెండింటికీ జవాబులో ఆయుధపు రహస్యమేదీ బయటపడదు. బహిరంగంగా చెప్పండి. ట్రయల్ ప్రణాళిక, రికార్డు నమూనా రాయడంలో మా సాయం కావాలంటే ఇస్తాం.

ఇట్లు,
అంతర్జాతీయ మానవతా చట్టం, ఆయుధ పరీక్షల రంగాల్లో పనిచేసిన కొందరు తెలుగువాళ్లం